తిరిగి చేరే తేదీ ఇప్పుడే రాయమంటున్నారు

ప్రశ్న: నాకు 31 ఏళ్లు. ఒక సంస్థ అకౌంట్స్ విభాగంలో ఆరేళ్లుగా పనిచేస్తున్నాను. 180 మంది ఉద్యోగుల జీతాల లెక్క మొత్తం నా చేతి మీదుగానే నడుస్తుంది. ఇప్పుడు నాకు 22వ వారం. మొదటి స్కానింగులో ప్రసవ తేదీ డిసెంబర్ 15 అన్నారు. మొన్నటి స్కానింగులో డిసెంబర్ 9 అని వచ్చింది. దరఖాస్తులో ఏది రాయాలో తెలియడం లేదు. మా సంస్థలో ప్రసూతి సెలవు 20 వారాలు. తిరిగి ఏ రోజున చేరతానో కచ్చితంగా రాయాల్సిందేనని మేనేజర్ అంటున్నారు. రాగానే పూర్తి పనివేళలు చేయగలనో లేదో నాకే తెలియదు. కొంతకాలం తక్కువ గంటలు పనిచేసే వీలుందా అని అడగాలని ఉంది. కానీ ఆ మాట ఇప్పుడే రాస్తే ఈమెకు ఇక ఉద్యోగం మీద ధ్యాస లేదనుకుంటారని భయం. పైగా నా పని నేర్పమని అప్పగించిన కుర్రవాడు చాలా చురుకైనవాడు. అన్నీ నేర్పేస్తే నా కుర్చీ నాకు మిగులుతుందా? ఈ దరఖాస్తు ఎలా రాయాలి?
– పేరు వద్దన్న ఒక పాఠకురాలు

జవాబు: మీ భయాలన్నీ ఒకే కాగితం చుట్టూ తిరుగుతున్నాయి కాబట్టి ముందుగా ఆ కాగితంలో ఏమేం ఉన్నాయో విడదీసి చూద్దాం. మీరు రాయబోయే దరఖాస్తులో మూడు వేర్వేరు విషయాలున్నాయి. సెలవు మీకు నిబంధనల ప్రకారం రావలసినది, దాని గురించి మీరు తెలియజేస్తున్నారు. పని అప్పగింత మీరూ మేనేజరూ కలిసి వేసుకునే ప్రణాళిక. తిరిగి వచ్చాక పనివేళల మార్పు మాత్రమే వినతి. ఈ మూడింటినీ ఒకే గొంతుతో రాస్తే వినతిలోని బెరుకు సెలవు మీదికీ పాకుతుంది. 'దయచేసి అనుమతించగలరు' అని మొదలుపెట్టి అన్నీ కలిపి రాసిన దరఖాస్తుకు జవాబు కూడా అన్నీ కలిపే వస్తుంది. 'మాట్లాడి చెబుతాం' అంటారు. అప్పుడు పనివేళల సంగతి తేలేదాకా సెలవు మంజూరు కూడా ఆగుతుంది. అందువల్ల మూడింటినీ మూడు పేరాలుగా, మూడు రకాల వాక్యాలతో రాయండి.

తేదీతో మొదలుపెడదాం. రాయవలసింది డిసెంబర్ 15. మొదటి మూడు నెలల్లో శిశువులందరూ ఇంచుమించు ఒకే వేగంతో పెరుగుతారు. కాబట్టి అప్పుడు తల నుంచి పిరుదుల దాకా కొలిచిన పొడవును బట్టి చెప్పే తేదీలో తేడా ఉన్నా, ఐదు నుంచి ఏడు రోజులకు మించదు. తర్వాత ఒక్కో బిడ్డ ఒక్కో తీరుగా పెరుగుతుంది. అందుకే ఐదో నెల స్కానింగులో కనిపించే తేదీ నిజానికి బిడ్డ పరిమాణం గురించి చెబుతుందే తప్ప ప్రసవ తేదీని మార్చదు. తొలి స్కానింగుతో ఒకసారి ఖాయం చేసిన తేదీని డాక్టర్లు సాధారణంగా మళ్లీ కదపరు. అయినా ఒక పని చేయండి. సెలవు కోసం ఇచ్చే ధ్రువపత్రంలో ఏ తేదీ వేస్తారో మీ డాక్టరును అడిగి, అదే తేదీని దరఖాస్తులో రాయండి. ధ్రువపత్రంలో ఒకటి, దరఖాస్తులో ఇంకొకటి ఉంటే హెచ్‌ఆర్ విభాగం కాగితాన్ని తిప్పి పంపుతుంది. అందులో వాళ్ల తప్పేమీ లేదు.

ఇక ఆ తేదీకి ఎంత విలువ ఇవ్వాలి? సరిగ్గా చెప్పిన రోజునే పుట్టే పిల్లలు నూటికి నలుగురైదుగురే. 37 వారాలు నిండిన దగ్గర నుంచి 42 వారాల వరకు ఎప్పుడైనా పుట్టవచ్చు. మీ విషయంలో అది నవంబర్ 24 నుంచి డిసెంబర్ 29 దాకా. ఐదు వారాల వెడల్పున్న కిటికీ అన్నమాట. ప్రపంచవ్యాప్తంగా చూస్తే పదిమందిలో ఒకరు 37 వారాలు నిండకముందే పుడుతున్నారు. మిమ్మల్ని భయపెట్టడానికి ఈ మాట చెప్పడం లేదు. పని అప్పగింత ఎప్పటికి పూర్తి కావాలో లెక్క వేసేటప్పుడు ఇది అవసరమవుతుంది.

సెలవు ఎప్పుడు మొదలుపెట్టాలన్నది మీ చేతిలో ఉన్న మొదటి ఎంపిక. మీకున్నది మొత్తం 20 వారాలు. ముందు వాడుకున్న ప్రతి వారమూ వెనక తగ్గుతుంది. నవంబర్ 10న మొదలుపెడితే విశ్రాంతి ఎక్కువ, కానీ మార్చి 30న తిరిగి చేరాలి. చెప్పిన రోజునే ప్రసవమైతే అప్పటికి బిడ్డకు 15 వారాలు. నవంబర్ 24న మొదలుపెడితే ఏప్రిల్ 13న, అంటే బిడ్డకు 17 వారాల వయసులో చేరతారు. డిసెంబర్ 8న మొదలుపెడితే ఏప్రిల్ 27, బిడ్డకు 19 వారాలు. చాలామంది మూడోదాన్నే ఎంచుకుంటారు. అందులో తర్కం ఉంది, కాని చివరి రెండు వారాలూ ఏ రోజైనా ఆఫీసు నుంచే ఆస్పత్రికి వెళ్లవలసి రావచ్చు. ఆ రెండు వారాల పనిని మీమీదే ఆధారపడేలా ఉంచరాదు. రక్తపోటో, నడుమునొప్పో ఉంటే మొదటిదే మేలు. మీరు ఆరోగ్యంగా ఉండి, ఆఫీసు ప్రయాణం భారం కాకపోతే నేను మధ్యదాని వైపు మొగ్గుతాను. కిటికీ తెరుచుకునే రోజున మీరు ఇంట్లో ఉంటారు. ఏది ఎంచుకున్నా 'ప్రసవం ముందుగా జరిగితే ఆ రోజు నుంచే సెలవు మొదలైనట్లు పరిగణించాలి' అన్న వాక్యాన్ని మాత్రం విడిచిపెట్టకండి.

మీ మేనేజర్ కచ్చితమైన తేదీ అడగడంలో దురుద్దేశం ఉందనుకోను. ఎన్ని నెలలకు మనిషిని సర్దుకోవాలో ఆయన పైవాళ్లకు చెప్పుకోవాలి. ఆయనకు కావలసినది ఇవ్వండి, కానీ తేదీతో పాటు అది ఎలా వచ్చిందో కూడా రాయండి. నవంబర్ 24 నుంచి 20 వారాలు, కాబట్టి ఏప్రిల్ 13. లెక్క పక్కనే ఉంటే, మొదలు మారినప్పుడు చివర కూడా మారుతుందని ఎవరికైనా అర్థమవుతుంది. ఉత్త తేదీ రాస్తే అది మీరిచ్చిన మాటగా మిగిలిపోతుంది.

ఇక్కడే హెచ్‌ఆర్‌ను ఒక ప్రశ్న రాతపూర్వకంగా అడగాలి. ప్రసవం పది రోజులు ఆలస్యమైతే ఆ పది రోజులు ఎవరి ఖాతాలోకి వెళతాయి? అంతర్జాతీయ కార్మిక సంస్థ 2000లో ఆమోదించిన ప్రసూతి రక్షణ ఒప్పందం, అంటే 183వ నంబరు ఒప్పందం, ప్రసవం ఆలస్యమైనన్ని రోజులు ముందు భాగపు సెలవును పెంచాలనీ, దానివల్ల ప్రసవానంతరపు తప్పనిసరి సెలవు తగ్గకూడదనీ చెబుతుంది. ఆ ఒప్పందం ప్రకారం మొత్తం సెలవు కనీసం 14 వారాలు, అందులో ప్రసవం తర్వాత ఆరు వారాలు తప్పనిసరి. అయితే అన్ని దేశాలూ దానికి కట్టుబడలేదు. కట్టుబడినవి కూడా తమ చట్టంలో తమదైన పద్ధతిలో రాసుకున్నాయి. కాబట్టి మీకు వర్తించే చట్టంలోనూ మీ సంస్థ నియమావళిలోనూ ఈ ఒక్క వాక్యం ఎలా ఉందో చూసుకోండి. ఏప్రిల్ 13 ఏప్రిల్ 23 అవుతుందా లేదా అన్నది దాన్నిబట్టే తేలుతుంది.

ఇప్పుడు మీ చురుకైన కుర్రవాడి సంగతి. అతనికి సగమే నేర్పి కీలకమైనది మీ దగ్గరే ఉంచుకుంటే ఏం జరుగుతుందో ఊహించడం కష్టం కాదు. నవంబర్ నెలాఖరున జీతాలు ఆగుతాయి, మీ ఫోను మోగుతుంది. మీరు లేకపోతే పని జరగదని అందరికీ తెలియడం మీ కుర్చీకి రక్ష అనిపించవచ్చు. ఆచరణలో మాత్రం 'మొత్తం ఒక్కరి మీదే పెట్టుకోవడం తప్పు' అని సంస్థ ఆ పనినే విడగొట్టి వేరేవాళ్లకు పంచేస్తుంది. కుర్చీని కాపాడేది కాగితం. పైన చెప్పిన ఒప్పందంలోనే, సెలవు ముగిశాక అదే పదవికి గానీ అదే జీతమున్న సమానమైన పదవికి గానీ తిరిగి వచ్చే హక్కు ఉంది. చాలా చట్టాల్లోనూ ఇలాంటి వాక్యమే కనిపిస్తుంది. అందులో మెలిక 'సమానమైన' అన్న మాటలో ఉంది. మీరు ఈరోజు చేస్తున్న పనులేమిటో ఎక్కడా రాసి లేకపోతే, రేపు ఏది సమానమో ఎవరు తేలుస్తారు? అందుకే అప్పగింత పత్రంలో మీ బాధ్యతలన్నీ వరుసగా రాసి, పైన 'సెలవు కాలానికి తాత్కాలికంగా అప్పగించినవి' అని శీర్షిక పెట్టి, మేనేజర్ చేత సంతకం చేయించుకోండి. నేర్పడం ఎంత ఉదారంగా చేస్తారో ఆ శీర్షిక విషయంలో అంత పట్టుగా ఉండండి.

అప్పగింతను వారాల్లో కాకుండా జీతాల చక్రాల్లో లెక్కపెట్టండి. నెలాఖరు వారంలోనే అసలు పని జరుగుతుంది కాబట్టి మీకు మిగిలినవి మూడే చక్రాలు. ఆగస్టు జీతాలు మీరు చేయండి, అతను పక్కన కూర్చుని రాసుకుంటాడు. మీరు రాసివ్వడం కన్నా అతను రాసుకోవడమే మంచిది, అతనికి అర్థం కానిది ఏదో ఆ కాగితంలోనే బయటపడుతుంది. సెప్టెంబర్ జీతాలు అతను చేస్తాడు, మీరు ప్రతి దశలోనూ సరిచూస్తారు. అక్టోబర్ జీతాలు అతనొక్కడే చేయాలి. మీరు ఆఫీసులోనే ఉంటారు గానీ అతను వచ్చి అడిగితే తప్ప పలకరు. అతను అడిగిన ప్రతి ప్రశ్నా మీ పత్రంలో లేని ఒక విషయం, దాన్ని అదే రోజు చేర్చండి. ఇలా అక్టోబర్ 31 నాటికి అప్పగింత ముగుస్తుంది. అప్పటికి మీకు 33 వారాలు దాటి ఉంటాయి. తర్వాతి మూడు వారాలు ఏమైనా జరిగితే ఆసరాగా ఉంటాయి. నవంబర్ జీతాల నాటికి మీరు సెలవులో ఉంటారని మరచిపోకండి. చివరి పనిదినమైన నవంబర్ 21ని గడువుగా పెట్టుకునేవాళ్లు చేసే పొరపాటు ఇదే. అతనొక్కడే చేసే చక్రం ఒక్కటైనా వాళ్ల కళ్లెదుట జరగదు.

పేరోల్ పనిలో అందరూ మరచిపోయేది ఒకటుంది. బ్యాంకులో జీతాల చెల్లింపును ఆమోదించే అధికారం మీ పేరున ఉంటే ఓటీపీ మీ ఫోనుకే వస్తుంది. అతను అన్నీ సరిగ్గా చేసినా, చివరి నొక్కుకు ప్రసూతి గదిలో ఉన్న మీరు ఆరు అంకెలు చదివి చెప్పవలసి వస్తుంది. అధికారాన్ని మరొకరి పేరు మీదికి మార్చడానికి సంస్థ తీర్మానం, సంతకాల నమూనాలు, బ్యాంకు పరిశీలన కావాలి. అవన్నీ ముగియడానికి వారాలు పడుతుంది. ఈ పని సెప్టెంబర్‌లోనే మొదలుపెట్టించండి. మీ పాస్‌వర్డు మాత్రం అతనికి ఇవ్వకండి. అతనికి అతని పేరుతోనే ప్రవేశం తెప్పించండి. మీరు లేని రోజుల్లో మీ పేరు మీద నమోదైన చెల్లింపుకు జవాబుదారీ మీరే అవుతారు.

ఇక మీకు అన్నింటికన్నా బరువుగా ఉన్న విషయం, తక్కువ గంటల మాట. ఇప్పుడు రాయాలా వద్దా? మూడు దారులున్నాయి. వివరంగా ఇప్పుడే రాస్తే, ప్రసవం కాకముందు, శరీరం ఎలా ఉంటుందో బిడ్డ ఎలా నిద్రపోతుందో తెలియకముందు మీరే ఒక అంకె చెప్పి దానికి కట్టుబడతారు. మీరు భయపడుతున్న ముద్ర కూడా పడవచ్చు. ఏమీ రాయకుండా చేరే ముందు వారం అడిగితే, ఏర్పాట్లకు సమయం లేదన్న నిజమైన కారణంతోనే కాదంటారు. పనివేళల మార్పుకు ఇన్ని వారాల ముందు రాతపూర్వకంగా అడగాలని నియమమున్న సంస్థల్లోనైతే గడువు కూడా దాటిపోయి ఉంటుంది. మధ్య దారిలో, మాట్లాడదామన్న సంగతి ఇప్పుడు రాసి, ఏం కావాలన్నది తర్వాత చెబుతారు. నాకు నచ్చినది ఇదే. సెలవుకు ముందు ఒక సమావేశం, తిరిగి చేరడానికి ఎనిమిది వారాల ముందు ఇంకొకటి. మొదటిదానిలో ఏమేం వీలుందో తెలుసుకోవడమే, నిర్ణయాలేమీ వద్దు. రెండోది ఫిబ్రవరి మధ్యలో వస్తుంది. అప్పటికి మీ పరిస్థితి మీకు తెలిసి ఉంటుంది.

మొదటి సమావేశానికి మీ పనికి తగిన ఆలోచనతో వెళ్లండి. 'వారానికి మూడు రోజులు' అన్నది వినడానికి బాగుంటుంది గానీ జీతాల పని వారానికి సమానంగా ఉండదు. నెలాఖరు వారంలో మూడు రోజుల్లో ఆ పని తెమలదు, మిగతా రెండు రోజులూ మీరు ఇంటి నుంచి ఉచితంగా చేస్తారు. జీతం తగ్గుతుంది, పని తగ్గదు. దానికి బదులు నెలను చక్రంగా చూడమని అడగవచ్చు. నెలాఖరు వారం పూర్తి వేళలు, మొదటి రెండు వారాలు సగం, మూడో వారం నాలుగు రోజులు. ఇది మేనేజర్‌కు కూడా నచ్చే అవకాశం ఎక్కువ, ఎందుకంటే ఆయన భయం నెలాఖరు గురించే. వాడుకోని వార్షిక సెలవు మీ ఖాతాలో మిగిలి ఉంటే, మొదటి రెండు నెలలు వారానికి ఒక రోజు చొప్పున దాన్ని వాడుకోవడం ఇంకో దారి. జీతం తగ్గకుండా నాలుగు రోజుల వారం వస్తుంది, ఉద్యోగ ఒప్పందంలో ఒక్క అక్షరం మారదు. గంటలు తగ్గించే ఏర్పాటు ఏదైనా సరే, ఎప్పటిదాకా అన్న తేదీ లేకుండా ఒప్పుకోకండి. తేదీ లేని తగ్గింపును ఉద్యోగ షరతుల్లో శాశ్వత మార్పుగా చూసే అవకాశముంది. అప్పుడు పూర్తి వేళలకు తిరిగి రావడానికి మళ్లీ మీరే అడగవలసి వస్తుంది. జీతంతో పాటు వార్షిక సెలవులు, పదవీ విరమణ నిధి జమ ఎంత తగ్గుతాయో కూడా అదే కాగితంలో అడిగి రాయించుకోండి. ఈ లెక్కలు మీకు వేరొకరు చెప్పనక్కరలేదు, కానీ సొంత విషయంలో అడగడానికి మొహమాటపడేవాళ్లలో అకౌంట్స్ వాళ్లే ముందుంటారు.

పాలిచ్చేందుకు లేదా పాలు పిండుకునేందుకు విరామం ఈ చర్చలోకి రాకూడదు. పైన చెప్పిన 183వ నంబరు ఒప్పందం పాలిచ్చే విరామాన్ని పనివేళల్లో భాగంగా, జీతంతో కూడినదిగా చెబుతుంది. మీ చట్టంలోనూ అలాగే ఉంటే దాన్ని మీకిచ్చిన వెసులుబాటుగా లెక్క కట్టనివ్వకండి.

దరఖాస్తు ఇంచుమించు ఇలా ఉండవచ్చు. మాటలు మీ ఆఫీసు తీరుకు తగ్గట్టు మార్చుకోండి.

"అకౌంట్స్ విభాగం మేనేజర్ గారికి, ప్రతి: హెచ్‌ఆర్ విభాగం.

విషయం: ప్రసూతి సెలవు, పని అప్పగింత.

డాక్టరు ధ్రువపత్రం ప్రకారం నా ప్రసవ తేదీ డిసెంబర్ 15 (ప్రతి జతచేశాను). నవంబర్ 24 నుంచి 20 వారాల ప్రసూతి సెలవు తీసుకుంటున్నాను. నా చివరి పనిదినం నవంబర్ 21. ఈ లెక్కన ఏప్రిల్ 13న తిరిగి విధుల్లో చేరతాను. ప్రసవం ముందుగా జరిగితే ఆ రోజు నుంచే సెలవు మొదలైనట్లు పరిగణించగలరు. ఆలస్యమైతే తిరిగి చేరే తేదీ నియమాల ప్రకారం ఎలా మారుతుందో తెలియజేయగలరు.

జీతాల పనిని సెలవు కాలానికి తాత్కాలికంగా అప్పగించడానికి ప్రణాళిక జతచేశాను. దాని ప్రకారం అక్టోబర్ జీతాలు నా సహోద్యోగి స్వయంగా పూర్తిచేస్తారు. బ్యాంకు ఆమోద అధికారాన్ని అంతకుముందే మార్చవలసి ఉంది. సెలవులో ప్రసవం తర్వాతి ఆరు వారాలు నేను అందుబాటులో ఉండను. ఆ తర్వాత అత్యవసరమైన సందేహాలుంటే మీ ద్వారా మాత్రమే ఈమెయిల్‌లో అడగగలరు.

తిరిగి చేరిన తర్వాతి తొలి నెలల పనివేళల గురించి అక్టోబర్‌లో ఒకసారి, ఫిబ్రవరి మధ్యలో మరోసారి మీతో మాట్లాడదలచాను. పై సెలవు తేదీలకు ఈ చర్చతో సంబంధం లేదు."

ఆ చివరి వాక్యం పొడిగా ఉందనిపించవచ్చు. తీసేయాలనిపిస్తే ముందు మొదటి పేరాలోని 'చేరతాను' అన్న మాట మళ్లీ చదవండి. ధ్యాస లేదనుకునేవాళ్లకు జవాబు అక్కడ ఉంది. చివరి వాక్యం సెలవు మంజూరును చర్చతో ముడిపెట్టకుండా ఆపుతుంది. సందేహాల గురించిన వాక్యాన్ని ఇంకా మెత్తగా రాయాలనుకుంటే రాయండి. కానీ ఎవరి ద్వారా అన్నది ఉండాలి, లేకపోతే ఆఫీసులో పదిమందీ నేరుగా మీకే ఫోన్ చేస్తారు.

దీన్ని ఈమెయిల్‌లో పంపండి. కాగితం మీద ఇస్తే అందినట్లు సంతకం తీసుకోండి. పది రోజుల్లో జవాబు రాకపోతే అదే ఈమెయిల్‌కు కొనసాగింపుగా, 'సెలవు తేదీలు నమోదయ్యాయని తెలియజేయగలరు' అని ఒక్క వాక్యం హెచ్‌ఆర్‌కు రాయండి. పనివేళల ప్రస్తావన అందులో వద్దు. అక్టోబర్ సమావేశం ముగిసిన రోజు సాయంత్రమే మాట్లాడుకున్నవి నాలుగు వాక్యాల్లో రాసి మేనేజర్‌కు పంపండి. ఏప్రిల్ నాటికి ఆయన బదిలీ అయి ఉండవచ్చు. దరఖాస్తు, దాని జవాబు, సంతకమైన అప్పగింత పత్రం, ఈ ఈమెయిల్ అన్నింటి ప్రతులూ ఇంట్లో ఉంచుకోండి. ఉద్యోగుల వేతనాలున్న పత్రాలేవీ మాత్రం వాటితో పాటు తెచ్చుకోకండి. సెలవులో ఉన్నవాళ్ల ఆఫీసు ఈమెయిల్‌ను నిలిపివేసే సంస్థలున్నాయి. ఫిబ్రవరిలో మీకు అవసరమయ్యేవి ఆ మెయిల్ లోపలే ఉండిపోకూడదు.